బీరువాకు వట్టివేరు, లవంగం, వేపాకు మూటలు: తయారీ, గడువు, మార్చే పద్ధతి

కలరా ఉండలు వద్దనుకున్నవాళ్లు సాధారణంగా చేసే పని ఒకటే. వట్టివేరు, లవంగాలు, ఎండిన వేపాకు కలిపి ఒక గుడ్డలో మూట కట్టి, చీరల మధ్య పెట్టి మరిచిపోతారు. ఆరు నెలల తర్వాత బీరువా తీస్తే కమ్మటి వాసన వస్తుంది కాబట్టి మూట ఇంకా పనిచేస్తోందనుకుంటారు. అప్పుడు వచ్చేది వట్టివేరు వాసన మాత్రమే. లవంగం ఘాటు తగ్గిపోయి ఉంటుంది, వేపాకు పొడిపొడి అయి ఉంటుంది. పురుగు దగ్గరికి రాకుండా కొంత అడ్డుపడేవి ఈ రెండే.

అందుకే ఈ మూటను మూడు గడువులున్న వస్తువుగా చూడాలి. వేపాకు మూడు నాలుగు నెలలు, లవంగం నలిపిన తీరును బట్టి రెండు నుంచి ఆరు నెలలు, వట్టివేరు ఏడాది నుంచి రెండేళ్లు. ఒకటి అయిపోయినప్పుడు మిగతా రెండింటినీ పారేయకుండా దాన్ని మాత్రమే మార్చుకునేలా కుట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, బీరువా ఎప్పుడూ మూట లేకుండా ఉండదు. ఇక్కడ చెప్పే పద్ధతి తిరుపతి, చిత్తూరు వైపు వాతావరణానికి సరిపోయేది. అంటే మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల చెమ్మ. ఈ రెండింటి మధ్య మూట ఎలా మారుతుందో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

ఏది ఏ పని చేస్తుంది

వట్టివేరు వాసన ఇచ్చే నూనెలు బరువైనవి, నెమ్మదిగా ఆవిరవుతాయి. అందుకే వేరు ఏళ్ల తరబడి వాసన పట్టి ఉంచుతుంది. దీని పని బట్టలకు మక్కిన వాసన పట్టకుండా చూడడం. పురుగు మీద దీని ప్రభావాన్ని పెద్దగా నమ్ముకోకండి.

లవంగంలో యూజెనాల్ అనే నూనె పదార్థం ఉంటుంది. పంటినొప్పికి లవంగం పెట్టుకుంటే తిమ్మిరెక్కేది దీనివల్లే. పురుగులకు ఈ ఘాటు నచ్చదు. కానీ వట్టివేరు నూనె కన్నా ఇది త్వరగా ఎగిరిపోతుంది, వేడికి ఇంకా తొందరగా పోతుంది.

వేపాకు సంగతి వేరు. వేపలో పురుగును ఇబ్బంది పెట్టే చేదు పదార్థాలు గాలిలోకి పెద్దగా రావు. పురుగు ఆ ఆకును తాకాలి, కొరకాలి. అందుకే బీరువాలో ఒక మూల వేపాకు మూట వేలాడదీస్తే అరలన్నిటికీ కాపలా కాస్తుందనుకోవడం పొరపాటు. వేపాకు అరల అడుగున, బట్టల మడతల దగ్గర పరచుకుంటేనే ఉపయోగం. ధాన్యం గాదెల్లో, తాటాకు పుస్తకాల మధ్య పెద్దవాళ్లు వేపాకును నేరుగా కలిపి పెట్టడంలో ఉన్న తెలివి అదే.

ఒక హద్దు ముందే చెప్పాలి. ఈ మూట పురుగును రానివ్వకుండా చూడడానికి తప్ప, అప్పటికే చీరలో ఉన్న గుడ్లను, పిల్లపురుగులను చంపడానికి కాదు. ఉన్ని శాలువలో చిల్లులు ఇప్పటికే కనిపిస్తుంటే ముందు దాని పని చూడాలి, మూట తర్వాత. ఎలా చూడాలో కింద చెబుతాను.

సామాన్లు కొనేటప్పుడు

వట్టివేరు పూజా సామాన్ల అంగళ్లలోనూ, మూలికలు అమ్మే పచారీ కొట్లలోనూ దొరుకుతుంది. చూడ్డానికి బాగున్నా వాసన లేని వేరు కూడా అమ్మకానికి వస్తుంది. నూనె తీసేసిన వేరు కావచ్చు, వేరే గడ్డి వేరు కావచ్చు. పొడి వేరును ముక్కు దగ్గర పెట్టుకుని తేల్చుకోలేం, ఎందుకంటే మంచి వట్టివేరు కూడా పూర్తిగా ఎండినప్పుడు వాసన అణుచుకుని ఉంటుంది. నాలుగు పోగులు తెంపి అరచేతిలో వేసుకుని, నాలుగు చుక్కల నీళ్లు చల్లి, గట్టిగా నలిపి ఒక నిమిషం ఆగండి. తొలకరి మట్టి వాసనతో పాటు కొంచెం తీపి వాసన రావాలి. గడ్డి వాసన మాత్రమే వస్తే తీసుకోవద్దు. నీళ్లు అడిగితే అంగడాయన ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. మూలికలు అమ్మేవాళ్లకు ఈ పరీక్ష కొత్తేమీ కాదు.

లవంగానికి గోరు పరీక్ష. కాడ మీద గోటితో నొక్కితే కొద్దిగా నూనె చెమ్మ పైకి రావాలి. మొగ్గ తలతో సహా ఉండాలి, ముడతలు పడి తేలిగ్గా ఉండకూడదు. అనుమానంగా ఉంటే ఇంట్లో గ్లాసు నీళ్లలో నాలుగు వేసి చూడండి. నూనె ఉన్న లవంగం మునుగుతుంది, లేదా తల పైకి పెట్టి నిలువుగా తేలుతుంది. అడ్డంగా పడి తేలేవి నూనె తీసేసినవి. వంటకు కాస్త తక్కువ రకం అయినా నడుస్తుందేమో గానీ మూటకు నడవదు, ఎందుకంటే మనం కొనేది ఆ నూనె కోసమే.

వేపాకు: కోత, ఎండబెట్టడం

ఎక్కువ మూటలు పాడయ్యేది ఇక్కడే కాబట్టి దీని మీద కొంచెం నిలబడదాం.

మాఘ, ఫాల్గుణాల్లో పాత ఆకు పండి రాలుతుంది. ఉగాది ముందు ఎర్రటి లేత చిగురు, వెంట పువ్వు వస్తాయి. మూటకు ఆ లేత ఆకు పనికిరాదు. నీరు ఎక్కువ, ఎండితే నల్లబడి ముద్దగా అవుతుంది. ఏప్రిల్ చివరికి, మే నెలకు ఆకు ముదిరి ముదురు పచ్చగా అవుతుంది, గాలిలో చెమ్మ కూడా తక్కువే. అదే సరైన కాలం. తిరుపతిలో గంగమ్మ జాతర కూడా మే నెలలోనే, అప్పుడు వేపమండలు ఎలాగూ ఇంటింటికీ వస్తాయి. అయితే గుమ్మానికి కట్టి వాడిపోయిన మండలను మూటకు వాడొద్దు. వాటి మీద పసుపు నీళ్లు, దుమ్ము ఉంటాయి. బైపాస్ పక్కన, క్రషర్ల దగ్గర చెట్ల ఆకు కూడా వద్దు. ఎంత కడిగినా పట్టు చీర మీద మట్టి రాలుతుంది.

ఉదయం మంచు ఆరిన తర్వాత మండలు కోయండి. పురుగు తిన్న ఆకు, పసుపు తిరిగిన ఆకు తీసేసి, ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి విదిలించండి. మండలు మండలుగానే తాడుకు కట్టి, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయండి. వరండా చాలు. నేరుగా ఎండలో వేస్తే రెండు నష్టాలు: ఆకు పైన పెళుసై లోపల ఈనె దగ్గర తడి మిగులుతుంది, పురుగుకు పనిచేసే చేదు పదార్థాల్లో ముఖ్యమైన అజాడిరక్టిన్ ఎండకు త్వరగా చెడిపోతుంది. మిద్దె మీద దుప్పటి పరిచి ఆరబోసే అలవాటు మిరపకాయలకు మంచిదే గానీ దీనికి కాదు.

మే నెలలో నీడలో నాలుగైదు రోజులకే ఆకు ఎండుతుంది. ఎండిందని తెలుసుకోవడానికి చేత్తో నలిపి చూస్తే చాలదు. ఆకు చప్పుడు చేస్తూ విరుగుతుంది, కానీ కాడ వంగుతుంది. కాడ కూడా టక్కున విరగాలి. ఇంకా నిక్కచ్చిగా తెలియాలంటే గుప్పెడు ఆకును గాజు సీసాలో వేసి మూత బిగించి ఒక రాత్రి ఉంచండి. ఉదయం సీసా లోపల మసక పట్టినా, ఆకు మెత్తబడినా ఇంకా రెండు రోజులు ఆరాలి. ఈ పరీక్షను మాత్రం వదలొద్దు. తడి మిగిలిన వేపాకు బీరువాలో బూజు పడితే, ఆ గోధుమ రంగు మరక తెల్ల వెంకటగిరి చీర మీద నుంచి పోదు.

ఎండిన తర్వాత కాడలు తీసేసి ఆకులు మాత్రమే ఉంచండి. పచ్చిగా తూచిన ఆకు ఎండేసరికి సుమారు మూడో వంతు బరువుకు వస్తుంది. వంద గ్రాముల పచ్చి ఆకు నుంచి ముప్పై ముప్పై అయిదు గ్రాములు దొరుకుతాయని లెక్కవేసుకోవచ్చు. ఏడాది మొత్తానికి కావలసిన ఆకు మే నెలలోనే ఎండబెట్టి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో వెలుతురు తగలకుండా దాచుకోండి. నవంబరు వానల్లో వేపాకు ఎండబెట్టడమంటే ఒట్టి టెన్షన్. ఫ్యాన్ కింద వేసినా పైపైన ఆరుతుంది.

ఎండిన ఆకులో మరో ముప్పు ఉంది. ధనియాల్లో, పసుపు కొమ్ముల్లో పట్టే చిన్న గోధుమ రంగు పురుగు ఎండిన మూలికల్లో కూడా పడుతుంది. చేదు వేపాకే కదా, దేనికీ లొంగదులే అనుకోవద్దు. వాసన, చేదు తగ్గిన పాత ఆకులో అది రావచ్చు. ఇంట్లో ఫ్రీజర్ ఉంటే, బాగా ఎండిన ఆకును గాలి చొరని కవర్లో కట్టి రెండు వారాలు అందులో ఉంచి తీయండి. తీసిన వెంటనే కవరు విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే లోపల నీటి చెమ్మ పట్టి, ఎండబెట్టిన శ్రమంతా వృథా అవుతుంది.

వట్టివేరు, లవంగం సిద్ధం చేయడం

అంగడి నుంచి తెచ్చిన వట్టివేరులో మట్టి, ఇసుక ఉంటాయి. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి వేరును ముంచి, చేతితో కలిపి వెంటనే తీసేయండి. మట్టి రంగు పోయేదాకా రెండు మూడు నీళ్లు మార్చండి. నానబెట్టవద్దు. కుండలో వట్టివేరు వేసుకుని తాగితే నీళ్లకు వచ్చే ఆ కమ్మదనం వేరు నుంచి పోయినదే. ఆ నష్టం ఇక్కడ మనకెందుకు?

కడిగిన వేరును నీడలో పలచగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి, వేసవిలో రెండు మూడు రోజులు. తర్వాత కత్తెరతో రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించండి. మిక్సీలో వేసి పొడి చేయడం చాలామంది చేసే పని. పొడి చేస్తే మొదటి నెల వాసన గుప్పుమంటుంది, తర్వాత పోతుంది. పైగా ఆ పొడి గుడ్డలోంచి జారి చీరల మీద పడుతుంది.

లవంగాల విషయంలో మీరే తేల్చుకోవాలి: ఘాటు కావాలా, ఎక్కువ కాలం కావాలా? నలపకుండా అలాగే వేస్తే నూనె లోపలే దాగి నాలుగు నుంచి ఆరు నెలలు నెమ్మదిగా వస్తుంది, కానీ మొదట్లో ఘాటు తక్కువ. దంచితే ఘాటు బాగా ఉంటుంది, రెండు నెలల్లో సగానికి పడుతుంది. నేను చెప్పేది మధ్యే మార్గం: మూడింట ఒక వంతు లవంగాలను రోట్లో ఒక్క దెబ్బ వేసి పగలగొట్టండి, మిగతావి అలాగే ఉంచండి. పగిలినవి మొదటి రెండు నెలలు చూసుకుంటాయి, మిగిలినవి ఆ తర్వాత.

మూట కుట్టడం

గుడ్డ పలచని నూలు గుడ్డ అయి ఉండాలి. పాత పంచె బాగా పనికొస్తుంది, ఎన్నోసార్లు ఉతికింది కాబట్టి గంజి, రంగు ఉండవు. సింథటిక్ గుడ్డలోంచి గాలి సరిగా ఆడదు. రంగు గుడ్డ వద్దు, చెమ్మకు రంగు దిగుతుంది.

ఒక మూటకు మూడు ముక్కలు కావాలి. బయటి సంచి అరచేతి అంత, అంటే సుమారు పది సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను పొడవు. పైన నాడా ఉండేలా కుట్టండి, ముడి విప్పడం తేలిక. లోపలికి చిన్న లవంగం సంచి, రెండు పొరల గుడ్డతో, అగ్గిపెట్టె అంత. మూడోది వేపాకుకు, చదునైన కవరు ఆకారంలో, తపాలా కవరు అంత సైజులో. దీన్ని బయటి సంచిలో పెట్టం, విడిగా అర అడుగున వేస్తాం.

నింపే కొలత: బయటి సంచిలో 15 గ్రాముల వట్టివేరు. లవంగం సంచిలో 6 గ్రాముల లవంగాలు. ఇంట్లో తూకం లేకపోతే సుమారు మూడు టీస్పూన్లు అనుకోండి. వేపాకు కవరులో 6 గ్రాములు, అంటే ఒక పెద్ద గుప్పెడు. సగం వట్టివేరు వేసి, మధ్యలో లవంగం సంచి పెట్టి, మిగతా సగంతో కప్పి నాడా బిగించండి. లవంగం నలువైపులా వేరు ఉండాలనడానికి కారణం ఉంది. వేసవిలో స్టీలు బీరువా వేడెక్కినప్పుడు లవంగం నూనె గుడ్డలోంచి ఊరి పట్టు మీద పసుపుపచ్చ నూనె మరక పడవచ్చు. చుట్టూ ఉన్న వేరు ఆ నూనెను పీల్చుకుంటుంది, పైగా వేరుకు కూడా ఆ వాసన కొంత పడుతుంది.

మూటను మరీ బిగించి నింపవద్దు. నొక్కితే స్పాంజిలా వెనక్కి రావాలి. గాలి ఆడకపోతే మధ్యలో ఉన్న లవంగం వాసన బయటికే రాదు.

మూట చిరిగితే లవంగాలు కింద పడతాయి కాబట్టి పిల్లల చేతికి అందే కింది అరలో వేలాడదీయకండి.

బీరువాను ముందు సిద్ధం చేయాలి

ఉతకకుండా మడిచిపెట్టిన చీరే పురుగుకు విందు. ఉన్ని, పట్టు తినే చిమ్మట పిల్లపురుగులకు చెమట, నూనె, తిండి మరకలు ఉన్న చోటు మరీ ఇష్టం. వెండి రంగులో జారుతూ పరుగెత్తే మరో పురుగుకు గంజి కావాలి. గంజి పెట్టి మడిచిన వెంకటగిరి చీరల అంచుల్లో, పాత పెళ్లి పత్రికల మధ్య అది కనిపిస్తుంది. అందుకే ఏడాది పాటు కట్టని నూలు చీరలకు గంజి పెట్టకుండా దాచి, కట్టుకునే ముందు పెట్టుకోవడం మంచిది. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో ముంచి తయారు చేస్తారు కాబట్టి దాన్ని కూడా అప్పుడప్పుడు విప్పి చూడడం అలవాటు చేసుకోండి.

అరలన్నీ ఖాళీ చేసి పొడి గుడ్డతో తుడవండి. మూలలు, తలుపు కీళ్ల దగ్గర ఉన్న దుమ్ము, వెంట్రుకలు తీసేయండి, అవే పిల్లపురుగులకు తిండి. పాత కలరా ఉండలు ఉంటే అన్నీ ఏరేసి, బీరువా తలుపులు ఒక రోజు తెరిచి ఉంచండి. ఆ వాసన పట్టిన బట్టలను పసిపిల్లలకు వాడే ముందు ఉతికి, బాగా గాలికి ఆరేయాలి. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది.

శాలువలో ఇప్పటికే చిల్లులు ఉంటే, లేదా మడతల్లో చిన్న సాలెగూడు లాంటి గొట్టాలు, ఇసుక రేణువుల్లాంటి మలం కనిపిస్తే, ఆ బట్టను విడిగా తీసి గాలి చొరని కవర్లో కట్టి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఉతకగలిగినది ఉతకండి. పట్టు చీరను నేరుగా ఎండలో వేయవద్దు, రంగు పోతుంది. నీడలో గాలికి ఆరేసి, కుచ్చుల వరకు విప్పి దులపండి.

ఎక్కడ పెట్టాలి

వట్టివేరు, లవంగం మూటను అరలో పై భాగాన, వెనక మూలలో హుక్కుకు వేలాడదీయండి. చీరల దొంతర కింద నలిగితే గాలి ఆడదు, నూనె ఊరుతుంది. జరీ అంచుకు తగలనివ్వవద్దు. ఖరీదైన పట్టు చీరలను ఒక పాత తెల్ల నూలు గుడ్డలో చుట్టి ఆ గుడ్డ బయటే మూట ఉండేలా చూసుకోండి.

వేపాకు కవరు అర అడుగున, కాగితం పరిచి దాని మీద. పొడి రాలినా కాగితం మీదే ఉంటుంది. చీరలను ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఆ కవరు లోపల మూట వేయడం మాత్రం వద్దు. లోపల చిక్కిన చెమ్మ ఎక్కడికీ పోదు.

ఏడాదిలో ఏమవుతుంది: ఒక బీరువా లెక్క

తిరుపతిలో మా చిన్నమ్మ ఇంట్లో నాలుగు అరల స్టీలు బీరువా ఉంది. పై అరలో పట్టు చీరలు, రెండో దానిలో నూలు చీరలు, మూడోదానిలో చిన్నాయన పంచెలు, శాలువలు, కింద దుప్పట్లు. అరకొక మూట, శాలువల అరకు అదనంగా ఇంకొకటి, మొత్తం అయిదు. అంటే వట్టివేరు 75 గ్రాములు, లవంగాలు 30 గ్రాములు, ఎండిన వేపాకు 30 గ్రాములు. అంగట్లో వట్టివేరు వంద గ్రాములు తీసుకుంటే కాస్త మిగులుతుంది. కానీ వేపాకు ఏడాదికి మూడుసార్లు మార్చాలి కాబట్టి 90 గ్రాములు ఎండబెట్టాలి, పచ్చిది సుమారు 300 గ్రాములు కోయాలి.

మే నెల మధ్యలో మూటలు పెట్టాక మొదటి నాలుగైదు వారాలు బీరువా తలుపు తీస్తే లవంగమే ముందు తెలుస్తుంది. ఆ బీరువా పడమటి గోడకు ఆనించి ఉంది, మధ్యాహ్నం ఎండకు స్టీలు కాలుతుంది. ఆ వేడికి లవంగం తొందరగా ఖర్చవుతుంది. చల్లటి లోపలి గదిలో ఉన్న చెక్క బీరువాలో అదే మూట ఇంకో నెల ఎక్కువ నడుస్తుంది.

వినాయక చవితి నాటికి మొదటి మార్పు. అయిదు కవర్లలో వేపాకు తీసి డబ్బాలోని కొత్త ఆకు వేయాలి. లవంగం సంచులు తీసి గోరు పరీక్ష చేయాలి. పడమటి ఎండ తగిలే పై రెండు అరల్లో నూనె దాదాపు కనిపించదు, కింది అరల్లో ఇంకా ఉంటుంది. కనుక అన్నీ మార్చక్కరలేదు, పైవి మార్చి, కిందివి ఒక్క దెబ్బ వేసి పగలగొట్టి మళ్లీ పెడితే చాలు. లోపల దాగిన నూనె బయటికి వస్తుంది.

అసలు గమనించాల్సింది కార్తీక మాసం. "చూడు నాయనా, వట్టివేరు ఇప్పుడు మళ్లీ కొత్తదానిలా వాసన కొడుతోంది" అని సంబరపడింది చిన్నమ్మ. వట్టివేరు చెమ్మ తగిలితేనే గట్టిగా వాసన ఇస్తుంది. వేసవి అంతా అణిగి ఉన్న వాసన నవంబరులో ఉన్నట్టుండి పెరిగిందంటే బీరువాలోకి తడి వచ్చిందని అర్థం. మూట బాగా పనిచేస్తోందనే సంతోషం కాదు, బట్టలకు బూజు పట్టబోతోందనే హెచ్చరిక. వాన తెరిపి ఇచ్చిన రోజున మధ్యాహ్నం తలుపులు రెండు మూడు గంటలు తెరిచి ఉంచి, మూటలు తీసి ఫ్యాన్ గాలికి ఆరేయాలి. బీరువాను గోడకు జానెడు దూరం జరిపితే వెనక గోడ చెమ్మ లోపలికి రాదు. మూట చెమ్మను పీల్చి బీరువాను పొడిగా ఉంచుతుందనుకోవద్దు, దానికి అంత శక్తి లేదు.

సంక్రాంతి నాటికి రెండో మార్పు: మళ్లీ వేపాకు, ఈసారి లవంగాలన్నీ. వట్టివేరును మాత్రం ముట్టుకోవక్కరలేదు. మళ్లీ మే నెల వచ్చాక సంచి విప్పి, వేరును ఒక పళ్లెంలో పరిచి, నీళ్లు చిలకరించి వాసన చూడండి. ఇంకా బాగుంటే నీడలో పూర్తిగా ఆరబెట్టి, ముక్కల చివర్లు కాస్త కత్తిరించి మళ్లీ నింపండి. కొత్తగా తెగిన చోటి నుంచి వాసన మళ్లీ వస్తుంది. రెండో ఏడాది చివరికి నీళ్లు చల్లినా గడ్డి వాసనే వస్తే అప్పుడు మార్చండి. నీళ్లు చల్లే పని బీరువాలో కాదు, బయటే.

చిత్తూరు పట్టణంలో ఇదే లెక్క కొంచెం మారుతుంది. తిరుపతి కన్నా ఎత్తున ఉండడంతో వేసవి వేడి కొంత తక్కువ, లవంగానికి మరి కొన్ని వారాలు అదనం. వానాకాలం జాగ్రత్తలు మాత్రం రెండు చోట్లా ఒకటే.

వాసన ఉందో లేదో మన ముక్కు చెప్పదు

రోజూ తెరిచే బీరువా వాసనకు ముక్కు అలవాటు పడుతుంది. వాసన పోయిందని త్వరపడి లవంగాలు పారేసేవాళ్లు, ఉందని భ్రమపడేవాళ్లు ఇద్దరూ ఉంటారు. తేల్చుకోవాలంటే మూటను ఒక ఖాళీ స్టీలు డబ్బాలో మూతపెట్టి ఒక రాత్రి ఉంచండి. ఉదయం బయట కాసేపు తిరిగి వచ్చాక మూత తీసి వెంటనే వాసన చూడండి. లవంగం ఘాటు ముక్కుకు తగలకపోతే మార్చే సమయం వచ్చింది. ఇంటికొచ్చిన పక్కింటి వాళ్లను చూడమన్నా సరే, వాళ్ల ముక్కు అలవాటు పడి ఉండదు.

మూట కింద కాగితం మీద సన్నటి పిండి లాంటి పొడి, గుడ్డలో సూది గుచ్చినంత చిల్లులు కనిపిస్తే మూటలోనే పురుగు పడిందని గుర్తు. అప్పుడు లోపలి సరుకును రక్షించే ప్రయత్నం చేయకండి. మూటను కవర్లో కట్టి ఇంటి బయట పారేయండి, సంచిని వేడినీళ్లలో ఉతకండి, ఆ అరలో బట్టలన్నీ విప్పి దులిపి చూడండి. వేపాకు కవరు నల్లబడి మెత్తగా ఉంటే బూజు, దాన్ని కూడా తీసేసి, ఆ అర కాగితం మార్చి, తలుపులు తెరిచి ఆరబెట్టండి. మూట పక్కన చీర మీద నూనె మరక పడితే రుద్దకండి. మైదా గానీ ముఖానికి రాసే పౌడరు గానీ చల్లి ఒక రాత్రి ఉంచి దులిపేయండి, పోకపోతే పట్టు చీరను డ్రైక్లీనింగ్‌కు ఇవ్వడమే.

గడువు తీరినా పురుగు, బూజు లేని వేపాకును పూల కుండీల మట్టిలో కలిపేయవచ్చు. ఘాటు తగ్గిన లవంగాలు వంటింట్లోకి తేవద్దు. నెలల తరబడి బట్టల మధ్య దుమ్ములో ఉన్నవి అవి. వాసన పోయిన వట్టివేరును నీళ్ల కుండలో వేసుకోవద్దు, అదే కారణం. దాన్ని కొబ్బరి పీచుతో పాటు కుండీ అడుగున వేస్తే నీరు బాగా కారుతుంది.